మార్జిన్‌లో దొరికిన రాయప్ప

కథోలిక గుడిలో జ్ఞానస్నానం రిజిస్టరుకున్న విలువ మరే పుస్తకానికీ ఉండదు. అది ఇనప బీరువాలో ఉంటుంది, తాళంచెవి విచారణ గురువుల దగ్గర ఉంటుంది. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, స్నానం పొందిన తేదీ, చివర గురువు సంతకం ఉంటాయి. ఇలాంటి పుస్తకాలు తప్పనిసరిగా పెట్టాలని 1563లో ట్రెంట్ మహాసభ నిర్ణయించింది. ప్రభుత్వాలు జనన మరణాలు లెక్కపెట్టడం మొదలుపెట్టక ముందు సామాన్యులు ఎలా బతికారో తెలుసుకోవాలంటే యూరప్ చరిత్రకారులకు ఈ పుస్తకాలే దిక్కయ్యాయి. 1956లో ఫ్రాన్సులో ఫ్లూరీ, ఆన్రీ అనే ఇద్దరు వీటినుంచి కుటుంబాల చరిత్రను తిరిగి ఎలా అల్లవచ్చో ఒక పద్ధతి గ్రంథమే రాశారు.

అలాంటి పుస్తకాన్ని నమ్ముకున్న ఒక పరిశోధకురాలి కథ ఇది. ఆమే, ఆమెతో మాట్లాడిన ముసలి గురువూ, వాళ్ళు తిరగేసిన పేజీలూ కల్పితం. ఆ పేజీల వెనకున్న నియమాలు, తేదీలు, పేర్లు పెట్టే పద్ధతి మాత్రం నిజం.

ఆమె నాంపల్లిలో హాస్టల్లో ఉంటూ పీహెచ్‌డీ చేస్తోంది. తెలంగాణ కథోలికుల పేర్లు నూరేళ్ళలో ఎలా మారాయన్నది అంశం. హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని పాత విచారణల్లో అనుమతి తీసుకుని రిజిస్టర్లు ఫొటోలు తీసుకుంది. ఒక్కో ఎంట్రీని కంప్యూటర్లో ఒక్కో వరుసగా ఎక్కించింది. పాత పుస్తకాలు లాటిన్‌లో ఉన్నాయి. లాటిన్‌లో పేరు వాక్యంలో ఉన్న చోటును బట్టి మారుతుంది. బిడ్డ గడిలో పేత్రుస్ అని ఉంటే, "జ్ఞానస్నానమిచ్చితిని" అన్న వాక్యంలో పేత్రుమ్ అవుతాడు, తండ్రిగా రాసినప్పుడు పేత్రి అవుతాడు. ఈ మూడూ ఒకటేనని మొదట్లోనే పట్టుకుని సరిచేసుకుంది. పని జాగ్రత్తగానే చేసింది.

లెక్క తేలాక బొమ్మ స్పష్టంగా కనిపించింది. 1960ల దాకా పేత్రుస్, పౌలుస్, యొయాన్నెస్, యోసెఫుస్, మరియా లాంటి లాటిన్ పేర్లు తప్ప వేరే పేరు లేదు. ఆ తర్వాత రాయప్ప, చిన్నప్ప, జోజప్ప, శౌరి అన్న పేర్లు కనబడటం మొదలైంది. 1980లు దాటాక విజయ్, సునీత లాంటివి కూడా పునీతుల పేర్ల పక్కన చేరాయి. మధ్యలో జరిగిన పెద్ద సంగతి అందరికీ తెలిసిందే. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధనా సంస్కరణ పత్రాన్ని ఆమోదించింది, లాటిన్ పూజ స్థానంలోకి తెలుగు పూజ వచ్చింది. కాబట్టి ఆమె సిద్ధాంతం ఇలా కుదిరింది: మతం పుచ్చుకున్నప్పుడు జనం తమ పేర్లు వదిలేసి విదేశీ పేర్లు పెట్టుకున్నారు, మహాసభ తర్వాత ధైర్యం వచ్చి తెలుగు పేర్లకు మళ్ళారు.

ఈ వాదనకు ఆమె దగ్గర గట్టి ఆధారమే ఉంది. 1917 నాటి తిరుసభ చట్టంలో 761వ నియమం ప్రకారం, జ్ఞానస్నానం పొందే బిడ్డకు క్రైస్తవ పేరు పెట్టేలా విచారణ గురువులు చూడాలి. తల్లిదండ్రులు వేరే పేరు పెట్టి పట్టుబడితే దానికి ఒక పునీతుడి పేరు కలిపి, పుస్తకంలో రెండు పేర్లూ రాయాలి. రిజిస్టర్లో ఒక్కటే ఉంది. రెండు ఉంటే రెండూ రాయాలని చట్టం చెబుతోంది కనుక ఒక్కటే ఉందంటే రెండోది లేదనే కదా. ఇంట్లో పిలిచే పేరు ముందే వదిలేసుకున్నారన్నమాట. గైడుకూ ఈ తర్కం నచ్చింది. ఇక మిగిలింది ఆ కాలంలో స్వయంగా రిజిస్టర్లు రాసిన గురువుతో ఒక ఇంటర్వ్యూ. అధ్యాయం చివర పెట్టడానికి రెండు మాటలు దొరికితే చాలనుకుంది.

ఆయనకు తొంభై దగ్గరపడ్డాయి. గుంటూరు వైపు మనిషి, పనిచేసింది ఎక్కువగా ఇటే. మాట్లాడుకోవడానికి ఆయనే అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కథెడ్రల్‌కు రమ్మన్నారు. నాంపల్లి నుంచి చాపెల్ రోడ్డు మీదుగా నడిచి వెళ్ళిపోవచ్చు. 1869లో ఇటలీ మిషనరీలు శంకుస్థాపన చేసిన గుడి అది. మరుసటి ఏడాది క్రిస్మస్ ముందు రాత్రి తొలి పూజ జరిగింది. 1892లో గంటలు ఇటలీ నుంచే వచ్చాయి. మొదట్నుంచీ అక్కడికి ఐర్లండు సిపాయిల కుటుంబాలు, గోవా వాళ్ళు, తమిళులు, తెలుగువాళ్ళు అందరూ వచ్చేవాళ్ళు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఫ్యాను చప్పుడు రికార్డరులో పడకుండా వరండాలో కూర్చున్నారు. ఆమె సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుని, రాసుకొచ్చిన ప్రశ్నల్లోంచి చదవడం మొదలుపెట్టింది.

"ఫాదర్, జ్ఞానస్నానంతో పాత పేరు వదిలేసినప్పుడు జనం ఎలా ఫీలయ్యేవాళ్ళు?"

"ఎవరు వదిలేశారమ్మా?"

ఆమె ట్యాబ్‌లో ఒక పేజీ తెరిచి చూపించింది. 1930ల నాటి ఎంట్రీ. పేత్రుస్, తండ్రి యొయాన్నెస్, తల్లి మరియా.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. "రాయప్ప. అరుళప్ప కొడుకు. వాళ్ళమ్మ మరియమ్మ."

"మీకు తెలిసినవాళ్ళా?"

"తెలియక్కర్లేదు. పేత్రుస్ అని రాస్తే రాయప్ప. యొయాన్నెస్ అని రాస్తే అరుళప్ప. పౌలుస్ అంటే చిన్నప్ప. జోజప్ప, ఇన్నయ్య, అంతోని, శౌరి అన్నీ అంతే. పుస్తకం లాటిన్‌లో ఉంది కాబట్టి లాటిన్‌లో రాశాం. గుడి గడప దాటాక పేత్రుస్ అని పిలిస్తే కన్నతల్లి కూడా తిరిగి చూడదు."

ఆమె నియమం గుర్తుచేసింది. రెండు పేర్లుంటే రెండూ రాయాలి కదా అంది.

"రెండెక్కడున్నాయమ్మా? రాయప్ప పునీతుడే, పేత్రుస్ పునీతుడే, ఇద్దరూ ఒక్కడే. ఉన్నది ఒక్క పేరు, దాన్నే లాటిన్‌లో రాశాం. ఇదే గుడిలో ఐర్లండు సిపాయి కొడుకు జేమ్స్‌ని యాకోబుస్ అని రాశారు. వాడు ఇంగ్లీషు పేరు వదిలేశాడని ఎవరైనా థీసిస్ రాస్తారా?"

రాయప్ప, చిన్నప్ప అన్న పేర్లు ఆమెకు తెలియనివి కావు. తమిళ, తెలుగు నేలల్లో పనిచేసిన జెసూట్ గురువుల కాలం నుంచీ కథోలికుల ఇళ్ళలో ఉన్నవే అవి. రాయలసీమలో, గుంటూరు సీమలో కులం పేరు తగిలించుకుని రాయపరెడ్డి, చిన్నపరెడ్డి, ఇన్నారెడ్డి అయ్యాయి. సుప్రీంకోర్టు న్యాయమూర్తి చిన్నప్పరెడ్డి గారి పేరు ఆమె పుస్తకాల్లో చదివింది. హైదరాబాదు అగ్రపీఠాన్ని 2000 దాకా ఏలిన సామినేని అరుళప్ప, ఆయన తర్వాత వచ్చిన మరంపూడి జోజి పేర్లు విన్నది. కానీ ఆ పేర్లు పెట్టుకున్న పెద్దలు మహాసభకు ఎంతో ముందు పుట్టినవాళ్ళన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. తన గ్రాఫు నిజమైతే వాళ్ళకు ఆ పేర్లు ఉండకూడదు.

"అయినా నా మాటెందుకు, ఆ పేజీలోనే ఉంటుంది చూడు. పక్కన ఖాళీలో ఏముంది?"

ఉంది. ఎడమ పక్క మార్జిన్‌లో వేరే సిరాతో, వేరే చేతిరాతతో రెండు వరుసలు. ఆమె ఆ ఫొటోను చాలాసార్లు చూసింది గాని, కంప్యూటర్లోకి ఎప్పుడూ ఎక్కించలేదు. ఆమె పట్టికలో మార్జిన్‌కు గడి లేదు.

ఆ రెండు వరుసల సంగతి ఆయన చెప్పుకొచ్చారు. కథోలికుడు ఎక్కడ పెళ్ళి చేసుకున్నా, జ్ఞానస్నానం పొందిన చోట అతని పేరు పక్కన ఆ పెళ్ళి నమోదు కావాలి. రెండో పెళ్ళి దొంగచాటుగా జరక్కుండా ఈ ఏర్పాటు. పెళ్ళి వేరే ఊళ్ళో జరిగితే అక్కడి గురువు ఒక చీటీ రాసి పంపుతారు. చీటీలో ఏముంటుంది? పెళ్ళికొడుకు నోటితో చెప్పిన పేరుంటుంది: అరుళప్ప కొడుకు రాయప్ప, ఫలానా ఏడు పుట్టాడు అని. ఇక్కడి గురువు ఆ చీటీ పట్టుకుని లాటిన్ పుస్తకంలో వెతకాలి. అందులో రాయప్ప ఎక్కడా లేడు. యొయాన్నెస్ కొడుకు పేత్రుస్ దొరుకుతాడు. వాడే వీడని తెలిసిన గురువు పక్కన "పేత్రుస్, ఆలియాస్ రాయప్ప" అని రాసి, పెళ్ళి తేదీ వేస్తాడు.

"రాయప్ప అంటే పేత్రుస్ అన్న పట్టిక ఎక్కడా అచ్చు కాలేదమ్మా. మా తలల్లో ఉండేది. కొత్తగా వచ్చిన ఇటలీ ఫాదరుకు ఉపదేశి చెప్పేవాడు."

రికార్డరు ఆపి ఆమె కాసేపు ఆ రెండు వరుసలే చూస్తూ కూర్చుంది. తన సిద్ధాంతం ప్రకారం 1960ల తర్వాత పుట్టుకొచ్చిన పేరు అక్కడ ముప్ఫయ్యేళ్ళ ముందు పుట్టినవాడి పక్కన కనబడుతోంది. మారింది జనం పెట్టుకున్న పేరు కాదు, గురువు రాసిన భాష. లాటిన్ పోయి ఇంగ్లీషు, తెలుగు వచ్చాక నోట్లో ఉన్న పేరే పుస్తకంలోకి దిగింది. విజయ్, సునీత లాంటి పేర్ల వెనకా ఇలాంటి కారణమే ఒకటుంది. 1983లో వచ్చిన కొత్త తిరుసభ చట్టం 855వ నియమంలో పునీతుడి పేరు ఉండాలన్న పట్టు సడలించి, క్రైస్తవ భావనకు విరుద్ధమైన పేరు పెట్టకుంటే చాలంది. ఆమె గ్రాఫులోని రెండు మలుపులూ రాసేవాళ్ళకు సంబంధించినవే.

ఒక్క ముసలాయన మాట మీద నాలుగేళ్ళ పని తిరగరాయడం కుదరదు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఆమె ముందు తన ఫొటోలకే తిరిగి వెళ్ళింది. పట్టికలో మార్జిన్‌కు ఒక గడి పెట్టి మొదటినుంచీ చదివింది. చాలా చోట్ల పెళ్ళి తేదీ, జోడీ పేరు తప్ప మరేం లేదు. కొన్ని చోట్ల "ఆలియాస్" ఉంది. కొన్ని పుస్తకాల్లో అసలు చీటీనే పేజీకి అంటించి ఉంది. ఆ కాసిన్నీ ఒకే దిక్కు చూపించాయి: పేత్రుస్ పక్కన రాయప్పే వస్తాడు, చిన్నప్ప రాడు.

తర్వాత సమాధులు చూసింది. నారాయణగూడ క్రైస్తవ శ్మశానంలో పాత రాళ్ళ మీద పేర్లు చదివింది. సమాధి రాయి మీద ఏం చెక్కాలో చెప్పేది డబ్బిచ్చే కుటుంబం. గురువు కలం అక్కడిదాకా రాదు. తెలుగులో చెక్కించుకున్న చోట ఇంట్లో పిలిచిన పేరే కనబడింది. దీనికీ ఒక హద్దుంది. రాయి పెట్టించుకోగలిగినవాళ్ళవే ఆ పేర్లు. మట్టి దిబ్బ మీద చెక్క సిలువతో సరిపెట్టుకున్నవాళ్ళ పేర్లు రెండు వానాకాలాలు కూడా నిలవవు.

ఆ పేదవాళ్ళ దగ్గరే కథ కొంచెం చిక్కుపడింది. రెండోసారి ఫాదరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆమె ఇదే అడిగింది. తరతరాలుగా కథోలికులైన ఇళ్ళలో రాయప్ప ఉన్నాడు సరే, ఊళ్ళలో పెద్దవయసులో జ్ఞానస్నానం పొందిన ఎల్లయ్య సంగతేమిటి?

"అక్కడ నువ్వనుకున్నది కొంత నిజమే," అన్నారాయన. "ఎల్లయ్యకు యోసెఫుస్ అని పెట్టాం. రెండు పేర్లూ రాయాల్సింది, చాలామందిమి రాయలేదు. ఒక్కరోజే ఊరంతటికీ స్నానమిస్తే గడి నింపడమే గగనం. ఎల్లయ్య మాత్రం ఎల్లయ్యగానే పోయాడు. వాడి కొడుకు బళ్ళో ఏ పేరుతో చేరాడో చూడు."

చూసింది. బళ్ళో చాలామంది పిల్లలకు హిందూ పేరే ఉంది. ఇంట్లో పిలిచే పేరు బతికే ఉందని సంబరపడబోతుంటే ఆయనే ఆపారు. బడి రిజిస్టరును కూడా ఎవరో ఒకరు ఏదో ఒక అవసరం కోసమే రాశారని గుర్తుచేశారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. కొన్ని సిక్కు కులాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. తర్వాత 1956లో సిక్కులందరినీ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవుడైన దళితుడికి ఆ హోదా లేదు. స్కాలర్‌షిప్పు కావాలంటే బళ్ళో యోసేపు అని చెప్పుకోలేడు. కాబట్టి 1950 తర్వాత బడి పుస్తకంలో ఎల్లయ్య కొడుకు పేరు హిందూ పేరయితే అది వాడుక పేరో, అవసరం కొద్దీ చెప్పిన పేరో ఆ పుస్తకం ఒక్కటే చెప్పలేదు.

మరి ఏది చెబుతుంది? ఉపదేశి నోటుబుక్కు చెబుతుంది అన్నారాయన. గురువు నెలకో రెండు నెలలకో ఊరికి వచ్చేవారు. మిగతా రోజుల్లో జపాలు నేర్పడం, స్నానానికి సిద్ధం చేయడం, చావుకు ప్రార్థన చేయడం అన్నీ ఉపదేశి పనే. ఎవరింట్లో ఎంతమంది, ఎవరికి జపాలు వచ్చాయి, ఎవరికి రాలేదు అని ఆయన తెలుగులో, వాడుక పేర్లతో రాసుకునేవాడు. గురువు వచ్చినరోజు ఆ జాబితా చూసే లాటిన్ పేర్లు పెట్టేవారు. అది చట్టం అడిగిన పుస్తకం కాదు, ఉపదేశి తన పని కోసం రాసుకున్నది. అందుకే దానికి ఇనప బీరువా దొరకలేదు. ఆమె వెతగ్గా ఒక ఉపదేశి మనవడి ఇంట్లో అలాంటిది ఒక్కటి దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు చెదలు తినేశాయి. మిగిలిన పేజీల్లో ఎల్లయ్య ఎల్లయ్యగానే ఉన్నాడు, పక్కన చిన్న అక్షరాలతో "జోజప్ప". రిజిస్టర్లో రాయని రెండు పేర్లూ ఉపదేశి రాశాడు.

ఫాదరు మాటలనూ ఆమె అలాగే పరీక్షకు పెట్టింది. తెలుగు పూజ మొదలైన ఏడాదే లాటిన్‌లో రాయడం మానేశానని ఆయన ధీమాగా చెప్పారు. కానీ ఆయన చేతిరాతే, ఆయన సంతకమే, ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు లాటిన్‌లోనే సాగింది. ముద్రించిన పాత పుస్తకంలో ఇంకా పేజీలు మిగిలి ఉండటం దానికి కారణం. అవి అయిపోయాకే కొత్త పుస్తకం కొన్నారు, భాష మారింది. చూపిస్తే ఆయన నవ్వి, "అవును, పుస్తకం వృథా చేస్తే బిషప్పుగారు ఊరుకుంటారా" అన్నారు. జ్ఞాపకం ఇలా రెండు సంగతుల్ని ఒకచోట చేర్చడం కొత్తేం కాదు. ఇటలీలో తెర్ని పట్టణంలో లుయీజి త్రాస్తుల్లి అనే కార్మికుడు 1949లో నాటోకు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. అలెస్సాంద్రో పోర్తెల్లి అనే పరిశోధకుడు అడిగితే, ఎంతోమంది కార్మికులు అతను 1953లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా జరిగిన పోరాటంలో చనిపోయాడని చెప్పారు. తమ జీవితాల్ని కుదిపేసిన సంఘటన దగ్గరికి ఆ చావును జరుపుకున్నారు. ఫాదరుకు కూడా లాటిన్ పోవడమంటే తెలుగు పూజ రావడమే. తేదీల కోసం ఆయన్ను నమ్మకూడదు. రాయప్ప చీటీ పట్టుకుని పుస్తకంలో ఎలా వెతికేవాళ్ళన్న మాటను మాత్రం నమ్మవచ్చు, ఎందుకంటే అది ఆయన ఏళ్ళ తరబడి చేతులతో చేసిన పని, పైగా మార్జిన్లు దానికి సాక్ష్యమిస్తున్నాయి.

థీసిస్‌లో ఆ అధ్యాయం మళ్ళీ రాసింది. గ్రాఫు తీసెయ్యలేదు. దాని కింద శీర్షిక మార్చింది: ఇవి జనం పెట్టుకున్న పేర్లు కావు, రిజిస్టర్లలో రాసిన పేర్లు. పాత కథోలిక కుటుంబాల్లో పేరు మారలేదని, రాసిన భాష మారిందని తేల్చింది. కొత్తగా మతంలోకి వచ్చినవాళ్ళు ఒక పేరు వదిలి మరొకటి పట్టుకోలేదని, గుడికొకటి, బడికొకటి, ఇంటికొకటిగా రెండు మూడు పేర్లతో బతికారని చెప్పింది. ఈ రెండో మాటకు ఆధారం ఇంకా పల్చగానే ఉందని కూడా రాసింది. ఒక్క నోటుబుక్కుతో ఒక ఊరి సంగతి చెప్పవచ్చుగాని, తెలంగాణ అంతటి సంగతి చెప్పలేం.

కాబట్టి చదువరులకు ఒక మనవి. మీ తాతగారో ముత్తాతగారో ఉపదేశిగా పనిచేసి ఉంటే, అటక మీద ఆయన నోటుబుక్కులు ఏవైనా మిగిలి ఉంటే, పాత కాగితాలవాడికి తూకానికి వెయ్యకండి. పేజీలు ఫొటో తీసి పెట్టుకుని, మీ విచారణ గురువులకో దగ్గరున్న విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకో ఒక మాట చెప్పండి. అందులో ఉన్న పేర్లు చాలావరకు మరెక్కడా రాసిలేవు.